సైనైడ్ దిబ్బల వీడియో ఎవరికి దొరుకుతోంది? ఒక్క భాషలో శీర్షిక పెడితే చాలదు

కె.జి.ఎఫ్. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. గని నుంచి తీసిన రాయిని పిండి చేసి, బంగారం రాబట్టుకున్నాక పారబోసిన మట్టి మాత్రం దిబ్బలుగా ఊరి పక్కనే నిలిచిపోయింది. అలాంటి 13 దిబ్బల్లో మిగిలిన బంగారాన్ని మళ్ళీ వెలికితీసే ప్రతిపాదనకు 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. అప్పటి నుంచి పని వస్తుందా, దుమ్ము పెరుగుతుందా, పాత కార్మికుల క్వార్టర్సు సంగతేమిటి అనే ప్రశ్నలు ఇంటింటా వినిపిస్తున్నాయి.

ఈ ప్రశ్నల మీద మన సంఘం ఒక వీడియో చేసింది. చాలా ఏళ్ళు భూగర్భంలో పనిచేసిన ఒక పెద్దాయన తెలుగులో మాట్లాడారు. గాలి ఏ నెలల్లో ఎటు వీస్తుందో, దుమ్ము ఏ వీధుల మీద పడుతుందో విడమరిచి చెప్పారు. దానికి మేము ఎంతో ఆలోచించి 'పసిడి నేల కన్నీటి గాథ' అని పేరు పెట్టి యూట్యూబ్‌లో ఉంచాము. వాట్సాప్‌లో లింకు అందినవాళ్ళు చూశారు. వెతుక్కున్నవాళ్ళకు మాత్రం దొరకలేదు. బెంగళూరులో ఉన్నవాళ్ళు, కుప్పం వైపు వెళ్ళి స్థిరపడిన పాత కార్మికుల పిల్లలు, 'ఎంత వెతికినా సినిమానే వస్తోంది' అన్నారు. ఎందుకు అలా అయిందో తర్వాత కూర్చుని చూస్తే, తప్పు పూర్తిగా మాదే అని తేలింది.

మొదటి చిక్కు ఊరి పేరే. 2018 డిసెంబరులో సినిమా మొదటి భాగం, 2022 ఏప్రిల్‌లో రెండో భాగం వచ్చాక 'కేజీఎఫ్' అన్న మాట సినిమాది అయిపోయింది. రెండో భాగం ట్రైలర్‌ను నిర్మాతలు ఒక్కో భాషకు ఒక్కో వీడియోగా వదిలారు. వాళ్ళ దగ్గర ఒక్కో భాషకు వేరే గొంతు, వేరే డబ్బింగు ఉన్నాయి కనుక అది సరిపోయింది. మన దగ్గర ఉన్నది ఒక్క పెద్దాయన ఒక్క మాట. దాన్నే నాలుగు పేర్లతో నాలుగు సార్లు ఎక్కిస్తే చూసినవాళ్ళ లెక్క, కింద రాసే వ్యాఖ్యలు నాలుగు ముక్కలవుతాయి. దానికి బదులు ఒకే వీడియోకు శీర్షికను, వివరణను ఎన్ని భాషల్లోనైనా చేర్చే వీలు యూట్యూబ్‌లోనే ఉంది.

అది ఎలాగో చెబుతాము. కంప్యూటర్‌లో YouTube Studio తెరిస్తే ఎడమ పక్క జాబితాలో Languages అని ఉంటుంది. కొన్నాళ్ళ క్రితం వరకు అదే చోట Subtitles అని ఉండేది. అందులో వీడియోను ఎంచుకుని, Add language నొక్కి, కన్నడం అనో తమిళం అనో ఎంచుకోవాలి. Title & description అన్న చోట ఆ భాషలో శీర్షిక, వివరణ రాసి Publish నొక్కాలి. ఇక ఆ భాషలో వెతికేవారి ఫలితాల్లో ఆ శీర్షికతో మన వీడియో వచ్చే అవకాశం ఉంటుంది. ఏ భాషా చేర్చకపోతే చాలామందికి అసలు శీర్షికే కనిపించవచ్చు.

ఇక్కడే మన జిల్లాకు ప్రత్యేకమైన ఒక విషయం ఉంది. ఏ శీర్షిక చూపించాలో నిర్ణయించేది మాతృభాష కాదు. ముఖ్యంగా ఫోనులో, యూట్యూబ్‌లో పెట్టుకున్న భాషే. ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారపేట పల్లెల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళలో ఎందరో చదువుకున్నది కన్నడ బడిలో. వాళ్ళ చెవి తెలుగుది, కన్ను కన్నడానిది. ఫోను కన్నడంలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. తెలుగు లిపిలో పెట్టిన శీర్షిక ఆంధ్రలో చదివినవాళ్ళకు చేరుతుంది గానీ మన పక్కింటివాళ్ళకు చేరదు. కనుక మన తెలుగువాళ్ళ కోసమే కన్నడ శీర్షిక కావాలి. ఇంగ్లీషు శీర్షికలో Telugu అన్న మాట ఉండాలి, లేకపోతే ఫోను ఇంగ్లీషులో ఉన్న తెలుగువారికి అది తమ భాష వీడియో అని తెలిసే దారే లేదు.

రెండో తప్పు భాషను నమోదు చేయడంలో జరిగింది. వీడియో వివరాల పేజీలో Show more నొక్కితే రెండు వేరు వేరు గడులు కనిపిస్తాయి. Video language అంటే వీడియోలో మాట్లాడిన భాష. Title and description language అంటే మనం మొదట రాసిన శీర్షిక, వివరణల భాష. మేము వేరే వీడియోలకు శీర్షికను ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, రెండు గడుల్లోనూ తెలుగు అని పెట్టేశాము. దాంతో తెలుగు స్థానం ఆ ఇంగ్లీషు అక్షరాలతోనే నిండిపోయింది. తర్వాత తెలుగు లిపిలో శీర్షిక చేర్చబోతే, అసలు భాష అదే కనుక చేర్చడానికి జాబితాలో తెలుగు లేదు. అసలు శీర్షికను తెలుగు లిపిలోకి మార్చి, ఇంగ్లీషు అక్షరాలదాన్ని ఇంగ్లీషు కింద చేర్చాకే సరిపోయింది.

ఇక అనువాదం సంగతి. మొదట్లో మేము వాక్యాన్ని అనువదించాలనుకున్నాము. నిజానికి అనువదించాల్సింది జనం వెతికే మాటను. మన ఊరిని తమిళులు తరతరాలుగా 'తంగవయల్' అంటారు. బంగారు గని అన్నదాన్ని తమిళంలోకి మాటకు మాట మార్చి పెడితే అర్థం తప్పు కాదు, కానీ గని లైన్లలో పెరిగిన తమిళుడు వెతికేది `தங்கவயல்` అనే. కన్నడిగులు `ಕೆಜಿಎಫ್` అని, 'చిన్నద గణి' అని వెతుకుతారు. దిబ్బను వాళ్ళు గుడ్డ అంటారు, అంటే కొండ. కనుక కన్నడ శీర్షికలో `ಸೈನೈಡ್ ಗುಡ್ಡ` ఉండాలి. నిఘంటువును నమ్ముకుంటే ఇంకో ప్రమాదం కూడా ఉంది. చాంపియన్ రీఫ్ అన్న పేరులో రీఫ్ అంటే బంగారం ఉన్న రాతి పొర. నిఘంటువులో మొదటి అర్థం సముద్రంలోని దిబ్బ. ఊరి పేర్లను, గనుల పేర్లను అనువదించకూడదు, ఆ లిపిలో రాస్తే చాలు.

ఇవన్నీ చూసుకున్నాక మా వీడియో తెలుగు శీర్షిక ఇలా మారింది: 'సైనైడ్ దిబ్బల దుమ్ము: కోలార్ బంగారు గని కార్మికుడి మాట, కె.జి.ఎఫ్.' అందంలో పాతదానికి సాటి రాదు. కానీ సినిమాలో లేని మాటలు మూడు ఇందులో ఉన్నాయి: సైనైడ్, దుమ్ము, కార్మికుడు. సినిమా ఫలితాల గుంపు నుంచి మన వీడియోను విడదీసేవి ఆ మాటలే. ముఖ్యమైన మాట మొదటే ఉండాలి, ఎందుకంటే ఫోను తెర మీద పొడుగు శీర్షిక చివర తెగిపోతుంది. శీర్షికకు 100 అక్షరాలే హద్దు. తెలుగులో గుణింతం గుర్తు, పొల్లు కూడా విడిగా లెక్కకు వస్తాయి. 'దిబ్బ' మన కంటికి రెండు అక్షరాలు, కంప్యూటర్‌కు ఐదు.

ట్యాగుల గురించి చాలామందికి ఆశ ఎక్కువ. శీర్షికలా ట్యాగులను భాషకొక జాబితాగా పెట్టే వీలు లేదు. మొత్తం వీడియోకు 500 అక్షరాల హద్దుతో ఒకే జాబితా. వెతుకులాటలో వాటి పాత్ర చాలా తక్కువని, జనం తప్పుగా రాసే పేర్లకే అవి ఉపయోగమని యూట్యూబే చెబుతోంది. కనుక ఒకే పేరును జనం రాసే రకరకాల తీరులకు ఆ చోటు వాడుకున్నాము: `kolar`, `kolara`, `కోలారు`, `marikuppam`, `thangavayal`. సినిమా హీరో పేరు కూడా వేస్తే జనం వస్తారని మా సభలో ఒకరు అన్నారు. వీడియోకు సంబంధం లేని పేర్లు పెట్టడం తప్పుదారి పట్టించడం కింద వస్తుంది, వీడియోనే తీసేయవచ్చు. ట్యాగుల జాబితాను వివరణలో గుప్పించడం కూడా నిబంధనలకు విరుద్ధమే. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చేసి వెతికేవాళ్ళ కోసం వివరణలో మొదటి రెండు వరుసలను ఆ తీరులోనే మామూలు వాక్యాలుగా రాశాము.

దీనికి ఒక హద్దు ఉంది. శీర్షిక తమిళంలోకి మారినా పెద్దాయన మాట్లాడేది తెలుగే. తమిళ శీర్షిక చూసి తెరిచినవారు తెలుగు వినగానే మూసేస్తారు. అందుకని తమిళ, కన్నడ శీర్షికల చివర 'తెలుగు మాట' అని చెప్పి, కింద ఆ భాషల్లో అక్షరాలు పడేలా సబ్‌టైటిల్స్ కూడా చేర్చాలి. సబ్‌టైటిల్స్ సిద్ధం కాని భాషలో శీర్షిక పెట్టకపోవడమే నిజాయితీ. ఒకప్పుడు చూసేవాళ్ళే అనువాదాలు పంపే సదుపాయం యూట్యూబ్‌లో ఉండేది. 2020 సెప్టెంబరు 28తో దాన్ని ఆపేశారు. ఇప్పుడు ఆ పని వీడియో పెట్టినవాళ్ళదే. మా తమిళ శీర్షికను మారికుప్పం మిత్రుడొకరు కాగితం మీద రాసిచ్చారు, మేము ఎక్కించాము.

చేసింది సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి రెండు పరీక్షలు ఉన్నాయి. మొదటిది, ఖాతా నుంచి బయటికి వచ్చి, యూట్యూబ్ భాషను ఒకసారి కన్నడానికి, ఒకసారి తమిళానికి మార్చి వెతకడం. వీడియో కనిపిస్తే ఏ శీర్షికతో కనిపించిందో చూడాలి. రెండోది, కొన్ని వారాలయ్యాక Analyticsలో YouTube search కింద జనం ఏ మాటలు టైపు చేసి వచ్చారో చదవడం. అక్కడ కనిపించే లిపి మన ప్రేక్షకుల లిపి. ఆ జాబితాలో లింకు పంపినవారి లెక్క రాదు, వెతికి వచ్చినవారే ఉంటారు. ఆ జాబితా చూసి శీర్షికను మళ్ళీ దిద్దుకోవచ్చు.

దిబ్బల మీద తవ్వకం మొదలైనా కాకపోయినా, దాని మీద మాట్లాడే హక్కు ఆ దుమ్ము పీల్చేవాళ్ళది. వాళ్ళు ఒక్క భాషవాళ్ళు కారు. అందుకే ఇకపై ఏ వీడియో అయినా ఎక్కించే ముందు ఒక కాగితం మీద తెలుగు, కన్నడం, తమిళం, ఇంగ్లీషు అని నాలుగు గడులు గీసి, ఒక్కో దానిలో ఆ భాషవాళ్ళు వెతికే మాట మొదట రాసి, తర్వాతే శీర్షిక కూర్చాలని మన సంఘం తీర్మానించుకుంది. తమిళ గడి నింపడానికి ప్రస్తుతం ఒక్కరే ఉన్నారు. ఆండర్సన్‌పేట, చాంపియన్ రీఫ్ వైపు ఉన్న సభ్యుల్లో తమిళం రాయగలిగినవాళ్ళు సంఘం ఆఫీసుకు వచ్చి కలవవలసిందిగా కోరుతున్నాము.