ధర అడిగిన రైతుకు చరిత్ర ఎందుకు?

'గుంటూరు మిర్చి ధర' అన్న మాట మీద రాసే వ్యాసాలు చాలావరకు మిరప మన దేశానికి ఎలా వచ్చిందో చెప్పడంతో మొదలవుతాయి. యార్డుకు టిక్కీలు ఎత్తబోయే రైతుకు అది అక్కర్లేదు. రాసేవాళ్లు ముందు సెర్చ్ బాక్సులో guntur mirchi rate అని టైపు చేసి, కింద పడే సూచనలు చూసి, అతని అవసరం ఏ వరుసలో నడుస్తుందో ఊహించాలి. నా లెక్కలో మొదటి శీర్షిక 'ఈరోజు తేజ, 334, బాడిగ రకాల క్వింటాలు ధర', పక్కనే తేదీ. రెండోది 'నా సరుకుకు గరిష్ఠ ధర ఎందుకు రాలేదు?', తేమ, రంగు, తాలు కాయల సంగతి అక్కడే చెప్పాలి. మూడోది 'అమ్మాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా?', అద్దె, అప్పు వడ్డీ కలిపి లెక్క చూపాలి. మరి నల్ల తామర పురుగుకూ ఒక శీర్షిక పెట్టాలా? ఆ మాట విడిగా వెతికితే మొదటి పేజీలో ధరల పేజీలు కాక సస్యరక్షణ పేజీలే వస్తే, అది ఇందులో శీర్షిక కాదు, వేరే వ్యాసం. ధరల పేజీలే మళ్లీ కనిపిస్తేనే ఇక్కడ చోటివ్వాలి.