ముట్టుకోకుండానే నడిచిపోతున్నాడా?

ఫుట్‌బాల్ ఆట రసపట్టులో ఉంది. బంతి దగ్గరున్న ఆటగాడు తన మానాన తాను ఎడమ పక్కకి జరుగుతూ గీత దాటి బయటికి వెళ్లిపోయాడు. ‘నేనేం చేయలేదు నాన్నా, అదే వెళ్తోంది’ అంటాడు అబ్బాయి. ‘ఎక్కడో కింద పడేసుంటావ్’ అంటాడు తండ్రి. కంట్రోలర్‌ని టీపాయ్ మీద పెట్టి ఇద్దరూ చేతులు కట్టుకుని చూస్తే... బొమ్మ ఇంకా నడుస్తూనే ఉంది! చాలా ఇళ్లలో ఈ తగాదాలో అబ్బాయి మాటే నిజం. కింద పడకపోయినా, జాగ్రత్తగా వాడుకున్నా వచ్చే జబ్బు ఇది. దీన్నే స్టిక్ డ్రిఫ్ట్ అంటారు. కొత్త కంట్రోలర్ అంటే వేలల్లో మాట కాబట్టి, కొనేముందు అసలు లోపల ఏం జరుగుతోందో చూడటం మంచిది.

పాత రేడియో గుర్తుందా? కొన్నేళ్లు వాడాక వాల్యూమ్ మీట తిప్పితే కరకరమని చప్పుడు వచ్చేది. ఆ మీట కింద ఉండే భాగమే, చిన్న రూపంలో, ప్లేస్టేషన్ 4 కంట్రోలర్ స్టిక్ కింద రెండు ఉంటాయి. ఒకటి కుడి ఎడమలకి, రెండోది పైకీ కిందకీ. దాని పేరు పొటెన్షియోమీటర్. లోపల గుర్రపు నాడాలా వంపు తిరిగిన నల్లటి కార్బన్ పూత ఉంటుంది. దాని మీద సన్నటి లోహపు రేకు రాసుకుంటూ జరుగుతుంది. స్టిక్‌ని ఎంత వంచితే రేకు అంత దూరం జరుగుతుంది, దాన్నిబట్టి అక్కడి వోల్టేజి మారుతుంది. కంట్రోలర్ ఆ వోల్టేజిని 0 నుంచి 255 వరకూ ఒక అంకెగా మార్చి ఆటకి పంపిస్తుంది. చెయ్యి తీసేస్తే స్ప్రింగు స్టిక్‌ని నడిమధ్యకి తెస్తుంది. అంటే అంకె 128 దగ్గర ఆగాలి.

రెండు వస్తువులు రాసుకుంటుంటే ఏదో ఒకటి అరుగుతుంది కదా! ఇక్కడ అరిగేది కార్బన్ పూత. అదీ అంతటా సమానంగా కాదు. ఎవరు ఆడినా స్టిక్ ఎక్కువసేపు మధ్యలోనే చిన్నచిన్నగా కదులుతుంటుంది కాబట్టి అక్కడే ముందు పలచబడుతుంది. రాలిన నల్లటి పొడి రేకుకీ పూతకీ మధ్య చేరి అంకెని గందరగోళం చేస్తుంది. దీనికి తోడు స్ప్రింగు సడలితే స్టిక్ సరిగ్గా మధ్యకి రాదు. బయటి నుంచి చేరే దుమ్ము, వేళ్లకంటిన చిప్స్ నూనె సరేసరి.

మరి మీ కంట్రోలర్‌కి వచ్చింది ఇందులో ఏది? కంప్యూటర్ ఉంటే ఇట్టే తెలుస్తుంది. కంట్రోలర్‌ని యూఎస్‌బీ తీగతో కలపాలి. ఛార్జింగుకి మాత్రమే పనికొచ్చే తీగైతే కంప్యూటర్ దాన్ని గుర్తించదు, ఆ సంగతి ముందే చూసుకోవాలి. తర్వాత విండోస్ మీట, R కలిపి నొక్కి వచ్చిన గడిలో ఇలా టైపు చేయాలి.

```
joy.cpl
```

జాబితాలో కంట్రోలర్‌ని ఎంచుకుని Properties నొక్కితే ఒక చదరపు గడి, అందులో కూడిక గుర్తు కనిపిస్తాయి. ఎడమ స్టిక్ కదిలిస్తే ఆ గుర్తు కదులుతుంది. ఇప్పుడు స్టిక్‌ని ఎడమకి పూర్తిగా వంచి వదిలేయండి. గుర్తు ఎక్కడ ఆగిందో చూడండి. మళ్లీ కుడికి వంచి వదలండి. అలా నాలుగైదుసార్లు చేయాలి.

గుర్తు ప్రతిసారీ ఒకేచోట, కానీ మధ్యకి కాస్త పక్కన ఆగుతుంటే తేలిగ్గా సర్దుకోవచ్చు. ఎడమ నుంచి వదిలితే ఒకచోట, కుడి నుంచి వదిలితే ఇంకోచోట ఆగుతుంటే స్ప్రింగు సడలినట్లు అనుమానించాలి. ఎవరూ ముట్టుకోకపోయినా గుర్తు వణుకుతూ, ఉన్నట్టుండి ఎగిరిపడుతుంటే పూత మీద పొడి చేరిందనో, పూతే అరిగిందనో అర్థం.

మొదట చెప్పిన ఇంట్లో చూస్తే, గుర్తు కదలకుండా మధ్యకి ఎడమ పక్కన ఆగింది. మధ్య నుంచి అంచుకి ఉన్న దూరంలో ఎనిమిదో వంతు. అంటే 128 ఉండాల్సిన చోట 112 వస్తోందన్నమాట. పన్నెండున్నర శాతం తేడా. ఇలాంటప్పుడు స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. చాలా ఆటల సెట్టింగ్స్‌లో డెడ్ జోన్ అని ఉంటుంది. మధ్య చుట్టూ ఎంతమేర కదలికని పట్టించుకోకూడదో ఆటకి చెప్పడమే అది. దాన్ని 15 శాతానికి పెంచితే ఆటగాడు బుద్ధిగా నిలబడతాడు. కాకపోతే స్టిక్‌ని కొద్దిగా మాత్రమే కదిపితే ఆట పట్టించుకోదు. ఫుట్‌బాల్‌కి పెద్ద ఇబ్బంది లేదుగానీ, గురిచూసి కాల్చే ఆటల్లో చెయ్యి మొరటుబారినట్లు అనిపిస్తుంది. 25 శాతం పెడితేగానీ ఆగట్లేదంటే ఇక దాంతో ఆడటం శిక్షే. నింటెండో స్విచ్ ఉన్నవారికి ఇంకో వెసులుబాటు ఉంది. System Settings లోని Controllers and Sensors కి వెళ్లి Calibrate Control Sticks ఎంచుకుంటే మధ్య ఎక్కడుందో స్టిక్‌కి కొత్తగా నేర్పొచ్చు.

గుర్తు వణుకుతుంటే మాత్రం శుభ్రం చేయాల్సిందే. గ్యారంటీ ఇంకా ఉంటే ముందు కంపెనీవాళ్లకే ఇవ్వండి, విప్పాక వాళ్లు ఒప్పుకోకపోవచ్చు. గ్యారంటీ దాటిపోయిందా, సెల్‌ఫోన్ రిపేరు షాపుల్లో వాడే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చుకోండి. కంట్రోలర్ ఆపి, తీగ తీసేసి, స్టిక్‌ని ఒక పక్కకి వంచి మొదట్లో రెండు చుక్కలు వేయాలి. పాతికసార్లు గుండ్రంగా తిప్పి, రెండో పక్కా అలాగే చేసి, గంటసేపు ఆరనివ్వాలి. ఇంట్లో ఉంది కదా అని గోళ్లరంగు తుడిచే ద్రవం వాడితే ప్లాస్టిక్ కరుగుతుంది. శానిటైజర్‌లో నీళ్లు, జిగురు ఉంటాయి. తలుపు బందులకి కొట్టే నూనె స్ప్రే పొరలా నిలిచిపోయి దుమ్ముని మరింత పట్టేస్తుంది. నోటితో ఊదితే తేమ చేరుతుంది.

నిజం చెప్పాలంటే, పైనుంచి వేసిన చుక్కలు పొటెన్షియోమీటర్ లోపలికి చేరడం కొంత అదృష్టం. చేరితే నెలలు గడుస్తాయి. రెండు మూడు రోజులకే జబ్బు తిరగబెడితే పొడి కాదు, పూతే పోయినట్లు. పోయిన కార్బన్‌ని ఏ ద్రవమూ తిరిగి తేలేదు.

అప్పుడైనా కంట్రోలర్ మొత్తం పారేయక్కర్లేదు. స్టిక్ మాడ్యూల్ ఒక్కటీ విడిగా దొరుకుతుంది. కాకపోతే ఇది బోర్డుకి 14 చోట్ల టంకం వేసి ఉంటుంది. ఇంట్లో మొదటిసారి ప్రయత్నించేవాళ్లు బోర్డు మీది సన్నటి గీతల్ని లేపేసుకుంటారు, అప్పుడు కథ నిజంగానే ముగుస్తుంది. ఫోన్ బోర్డులు బాగుచేసే అనుభవం ఉన్నవాళ్లకి ఇవ్వడమే మేలు. అడిగేటప్పుడు హాల్ ఎఫెక్ట్ మాడ్యూల్ ఉందేమో కనుక్కోండి. అందులో రేకు, పూత ఉండవు. స్టిక్‌కి బిగించిన అయస్కాంతం ఎటు జరిగిందో సెన్సర్ తాకకుండానే పసిగడుతుంది. అయితే స్ప్రింగు మాత్రం దానికీ ఉంటుంది, అది సడలక తప్పదు. ఏ మాడ్యూల్ వేసినా దాని మధ్య పాతదాని మధ్యతో సరిపోకపోవచ్చు. అందుకే షాపు నుంచి కదిలేముందే కంప్యూటర్‌కి తగిలించి, ఆ కూడిక గుర్తు గడి నడిమధ్యన నిలబడిందో లేదో చూసి, ఆ తర్వాతే డబ్బులివ్వండి.