గజ్జల్లో తామర – మూడు ఫోటోలు చెప్పిన కథ

గత నెలలో ఒక యువకుడు నా వద్దకు వచ్చాడు. గ్యారేజీలో మెకానిక్ పని చేస్తాడు. ఏం బాధ అని అడిగితే నోరు విప్పలేదు, తల వంచుకొని ఫోను చేతికిచ్చాడు. అందులో మూడు ఫోటోలున్నాయి. తొడల సంధిలో వచ్చిన దురదను ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేక, రాత్రివేళ తానే తీసుకున్న ఫోటోలవి.

మొదటిది నాలుగు నెలల క్రితం నాటిది. రోగమేమిటో ఆ ఒక్క ఫోటోను బట్టే దాదాపుగా చెప్పవచ్చు. తొడ లోపలివైపు అర్ధచంద్రాకారంలో ఒక మచ్చ. అంచు కొద్దిగా ఉబ్బి, సన్నని పొట్టుతో, చిన్న పొక్కులతో ఉంది. నడుమ చర్మం మాత్రం కొంత తేరుకున్నట్లు కనిపిస్తోంది. పుస్తకాలలోని బొమ్మల్లో ఈ అంచు ఎర్రగా ఉంటుంది. మన చర్మం మీద అది ఎక్కువగా గోధుమరంగులోనో నల్లగానో కనబడుతుంది. కనుక ఎరుపు లేదు కదా, తామర కాదని అనుకోరాదు. మరొక గుర్తు కూడా ఉంది: తామర సాధారణంగా వృషణాల చర్మాన్ని వదిలివేస్తుంది. అక్కడ కూడా ఒరుసుకుపోయి మండుతూ ఉంటే వేరొక రకం శిలీంధ్రమేమోనని అనుమానించాలి.

అతడు ఈ ఫోటోనే మందుల దుకాణంలో చూపించాడు. వారొక ట్యూబు ఇచ్చారు. రెండు రోజుల్లో దురద మాయమైంది. పది రోజుల తర్వాత తీసిన రెండవ ఫోటోలో అంచు చదునై, పొట్టు రాలిపోయి, మచ్చ మానినట్లే ఉంది. అతడు సంతోషించి పూత ఆపాడు. వారం తిరగకుండానే దురద రెట్టింపైంది. మళ్లీ పూశాడు, మళ్లీ తగ్గింది. ఇలా మూడు నెలలు గడిచాయి.

ట్యూబు మీద చూస్తే ఫంగస్‌ను చంపే మందు, బ్యాక్టీరియా మందు, వాటితోపాటు క్లోబెటసాల్ ఉన్నాయి. ఈ చివరిది అత్యంత బలమైన స్టెరాయిడ్లలో ఒకటి. తామర ఫంగస్ చర్మపు పైపొరలోని కెరటిన్ అనే పదార్థాన్ని తిని బతుకుతుంది. దానితో శరీరం చేసే పోరాటమే మనకు దురదగా, వాపుగా, ఉబ్బిన అంచుగా కనిపిస్తుంది. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపివేస్తుంది, ఫంగస్‌ను కాదు. కావలివాడు నిద్రపోతే వీధి నిశ్శబ్దంగానే ఉంటుంది, దొంగ మాత్రం ఇంట్లోనే ఉంటాడు. పైగా తొడల సంధి ముడుచుకొని చెమ్మగా ఉండే చోటు కావడం వలన పూసిన మందు ఎక్కువగా లోపలికి ఇంకుతుంది.

మూడవ ఫోటో నిన్నటిది. మచ్చ పిరుదుల వరకు పాకింది. అంచు చెదిరిపోయి, వలయంలో మరో వలయం వచ్చింది. దీనిని ఫోటోలో చూసి తామర అని గుర్తించడం అనుభవమున్న వారికీ కష్టమే. తొడల మీద చర్మం పలచబడి వెడల్పాటి చారలు పడ్డాయి. ఫంగస్ పోతుంది గాని, ఆ చారలు పూర్తిగా పోవు. ఈ మాట అతనికి చెప్పడమే నాకు కష్టమైంది.

పొట్టును కొద్దిగా గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే ఫంగస్ పోగులు దండిగా కనిపించాయి. ఆ క్రీమును మాన్పించాను. మొదటి కొద్ది రోజులు దురద పెరుగుతుందనీ, భయపడి తిరిగి పూయరాదనీ ముందే చెప్పాను. ఇంతగా పాకిన తామరకు పూత మందు చాలదు. కాలేయ పరీక్ష చేయించి వారాల తరబడి మాత్రలు ఇవ్వవలసి వచ్చింది. స్టెరాయిడ్ లేని పూతను మచ్చ అంచుకు రెండు సెంటీమీటర్ల బయటి వరకు, రోజుకు రెండుసార్లు రాయమన్నాను. మచ్చ కనబడకుండా పోయిన తర్వాత కూడా రెండు వారాలు కొనసాగించాలి. చాలామంది ఇక్కడే ఆపేస్తారు.

చివరగా కాళ్లు చూపించమన్నాను. ఆశ్చర్యపోయాడు. నాలుగవ వేలికీ చిటికెన వేలికీ మధ్య చర్మం తెల్లగా నాని, చీలి ఉంది. మూలం అక్కడే! లోదుస్తులు తొడుక్కునేటప్పుడు పాదాల ఫంగస్ గుడ్డకంటుకొని గజ్జలకు చేరుతుంది. అందుకే ముందు మేజోళ్లు, తర్వాత లోదుస్తులు వేసుకోమన్నాను. వుజూలో వేళ్ల సందులను ఖిలాల్ చేసి కడుగుతాము. మంచిదే, కాని తడి కాళ్లనే బూట్లలో దూర్చకుండా సందులను పొడిగుడ్డతో అద్దుకోవాలి. ఆ గుడ్డ ఎవరిది వారికే ఉండాలి. ఇంట్లో మరెవరికైనా దురద ఉంటే వారికీ ఒకేసారి చికిత్స జరగాలి.

క్లోబెటసాల్, బీటామెథసోన్, మోమెటసోన్: ట్యూబు మీద ఈ పేర్లలో ఏది కనిపించినా తామరకు పూయవద్దు. స్టెరాయిడ్ క్రీములకు వైద్యుని చీటీ తప్పనిసరి అని 2018లోనే కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. అయినా అడిగితే ఇచ్చేవారున్నారు. సిగ్గుపడి ఫోటోతోనే వైద్యుణ్ణి సంప్రదించదలచిన సోదర సోదరీమణులు పగటి వెలుగులో, మందు పూయక ముందు తీసిన ఫోటో పంపండి. ఇప్పటికే ఏదైనా పూసి ఉంటే ఆ ట్యూబు ఫోటోను కూడా దానితో జతచేయండి.