అమ్మినోడు రాయకపోతే కొన్నోడు దొంగా?

"ఇన్‌పుట్ క్రెడిట్ తేడా అని నోటీసు వచ్చిందంటే దొంగబిల్లే అయ్యుంటుంది, ఊరికే ఇస్తారా?" అని మొన్న మా ఆఫీసులో ఒకాయన తేల్చి పారేశాడు. ఆయన జన్మలో జీఎస్టీ రిటర్ను వేసి ఎరగడు. నేనూ ఎరగననుకోండి, కానీ జగిత్యాలలో పైపులూ కుళాయిలూ అమ్మే మా మామకు వచ్చిన ఇలాంటి నోటీసుకు జవాబు రాయడానికి పదిహేను రోజులు ఎక్సెల్‌తో కుస్తీ పట్టాను. కాబట్టి ఈ వాదనకు జవాబు చెప్పే హక్కు నాకుందనుకుంటున్నా.

ముందు అసలు సంగతి. దుకాణదారు సరుకు కొన్నప్పుడు బిల్లుతో పాటు పన్నూ కడతాడు. తాను అమ్మినప్పుడు వసూలైన పన్నులోంచి దాన్ని మినహాయించుకుంటాడు. ఎంత మినహాయించుకున్నాడో GSTR-3B లో తనే రాసుకుంటాడు. అమ్మిన డిస్ట్రిబ్యూటరు తన బిల్లులన్నీ GSTR-1 లో ఎక్కిస్తే అవి కొన్నవాడికి GSTR-2A లో కనబడతాయి. ఈ రెండు మొత్తాలూ కలవకపోతే నోటీసు. ఇక్కడ కిటుకేంటంటే 2A ని కొన్నవాడు చూడగలడు గానీ అందులో అక్షరం రాయలేడు. రాసే పర్మిషన్ ఒకడికి, చూసే పర్మిషన్ మరొకడికి, తప్పు జరిగితే దెబ్బలు చూసేవాడికి. ఇలాంటి డిజైను నేను మా టీం లీడుకు చూపిస్తే నన్ను ఇంటికి పంపేస్తాడు.

మొదట్లో ఇలా అనుకోలేదండోయ్. GSTR-2 అని ఇంకో ఫారం ఉండేది, అందులో కొన్నవాడు తప్పిపోయిన బిల్లును తనే చేర్చొచ్చు, అమ్మినవాడు ఒప్పుకోవాలి. 2017 నవంబరులో దాన్ని పక్కన పెట్టారు, 2022 అక్టోబరు నుంచి ఆ సరిపోల్చే సెక్షన్లనే చట్టంలోంచి తీసేశారు. సరిచేసుకునే దారి పోయింది, నోటీసు మాత్రం మిగిలింది.

మామకు 2023 డిసెంబరులో DRC-01 వచ్చింది, 2018-19 సంవత్సరానికి. 3B లో తీసుకున్నది 9,83,800, 2A లో ఉన్నది 7,97,900, తేడా 1,85,900 రూపాయలు. దానిమీద 18% వడ్డీ, పెనాల్టీ. ఆ ఏడాది బిల్లులను డిస్ట్రిబ్యూటరు సరిదిద్దే గడువు 2019 అక్టోబరులోనే ముగిసింది. అంటే తలుపు మూసేసిన నాలుగేళ్ళకు "లోపలికి ఎందుకు రాలేదు?" అని అడగడమన్నమాట.

"నేను పైసలు గట్టిన్రా, బిల్లున్నది. ఆడు రాయకపోతే నన్నడుగుడేంది?" అన్నాడు మామ. కరీంనగర్ ఆడిటరు గారు ఇదే మాటను ఇంగ్లీషులో నాలుగు లైన్లు రాసి, బిల్లుల జిరాక్సులు కుట్టి, "చాలు" అన్నారు. చాలదు. క్రెడిట్ సరైనదని రుజువు చేసే భారం కొన్నవాడిదేనని జీఎస్టీ చట్టం 155వ సెక్షన్ అంటుంది. 2023 మార్చిలో కర్ణాటక కాఫీ వ్యాపారి కేసులో (అది పాత వ్యాట్ కేసు, అయినా ఆఫీసర్లు వాడతారు) సుప్రీంకోర్టు ఉట్టి బిల్లు, చెక్కు సరిపోవు, సరుకు నిజంగా కదిలినట్టు బండి వివరాలు, కిరాయి, ముట్టినట్టు రసీదు చూపించమంది. అందుకని తేడాను బిల్లు బిల్లుకూ విడగొట్టాం. టాలీలోంచి కొనుగోళ్ళ రిజిస్టరు, పోర్టల్ నుంచి 2A దించి, డిస్ట్రిబ్యూటరు జీఎస్టీ నంబరు, బిల్లు నంబరు కలిపి పోల్చితే నాలుగు ముక్కలు తేలాయి.

ఒకటి, 63,000. హైదరాబాదు డిస్ట్రిబ్యూటరు మామ బిల్లులను నంబరు లేని మామూలు గిరాకీల లెక్కలో, అంటే B2C లో వేసేశాడు. పన్ను కట్టాడు, పేరు రాయలేదు. రెండు, 81,000. ఇంకో డిస్ట్రిబ్యూటరు మంచిర్యాలలో అదే పేరున్న దుకాణం నంబరు మీద ఎక్కించాడు. జీఎస్టీ నంబరులో చివరి అక్షరం చెక్ డిజిట్, ఒక్క అంకె తప్పు కొడితే పోర్టలే ఒప్పుకోదు. కాబట్టి ఇది టైపింగ్ తప్పు కాదు, లిస్టులోంచి పక్క పేరు నొక్కడం. పాపం ఆ మంచిర్యాల ఆయనకు తెలీనే తెలీదు. మూడు, 10,400. ఇది లారీ కిరాయి మీద మామే రివర్స్ చార్జిలో కట్టిన 5% పన్ను. రిజిస్ట్రేషన్ లేని లారీవాడు GSTR-1 వెయ్యడు, ఇది 2A లోకి ఏ జన్మలోనూ రాదు. 3B లో దీన్ని తప్పు గడిలో కలిపేశారు, అంతే.

మొదటి రెంటికీ మందు 2022 డిసెంబరు 27 నాటి 183వ సర్క్యులర్‌లో ఉంది. 2017-18, 2018-19 సంవత్సరాలకు, ఒక్కో సరఫరాదారు దగ్గర తేడా ఐదు లక్షల లోపైతే అతనిచేత "ఈ సరుకు వీరికే ఇచ్చాం, పన్ను 3B లో కట్టాం" అని సర్టిఫికెట్ రాయించుకు వస్తే చాలు. ఐదు లక్షలు దాటితే సీఏ చేత. పక్కవాడి నంబరు మీద పడిన క్రెడిట్‌ను సరిచేసే పని పూర్తయ్యేదాకా మామను ఆపకూడదని కూడా అందులో ఉంది. ఆడిటరు గారి జవాబులో ఈ సర్క్యులర్ పేరే లేదు! డిస్ట్రిబ్యూటర్ల చుట్టూ తిరిగి రెండు సర్టిఫికెట్లు తెచ్చాం. ప్రతి పెద్ద బిల్లుకూ ఈ-వే బిల్లు జతచేశాం. ఇది ముఖ్యం, ఎందుకంటే అందులో మామ నంబరూ బండి నంబరూ ఉంటాయి, పైగా అది ప్రభుత్వం దగ్గరున్న కాగితమే. సరుకు మామకే వెళ్ళిందని ఒక సర్వరుకు తెలుసు, ఇంకో సర్వరు నోటీసు ఇస్తుంది!

ఈ మూడు ముక్కలూ DRC-06 జవాబుతో పోయాయి. నాలుగోది పోలేదు.

అది 31,500. ఆ డిస్ట్రిబ్యూటరు 3B వెయ్యకుండా దుకాణం ఎత్తేశాడు, రిజిస్ట్రేషను రద్దయింది, సర్టిఫికెట్ ఇచ్చే నాథుడు లేడు. పన్ను నిజంగా ప్రభుత్వానికి చేరితేనే క్రెడిట్ అని సెక్షన్ 16(2)(c). మేం బ్యాంకు స్టేట్‌మెంటు, లారీ రసీదులు పెట్టి, రెండు తీర్పులు చూపించాం. ముందు అమ్మినవాడి వెంట పడమని 2021లో మద్రాసు హైకోర్టు చెప్పింది. 2023లో కలకత్తా హైకోర్టూ అదే చెప్పింది, దానిమీద అప్పీలును సుప్రీంకోర్టు ఆ డిసెంబరులో కొట్టేసింది. "అవి వేరే రాష్ట్రాలవి" అన్నాడు ఆఫీసరు. నిజమే, 2023లోనే పాట్నా హైకోర్టు దీనికి ఎదురు చెప్పింది కూడా. 2024 ఏప్రిల్‌లో ఆ ముక్క ఖాయం చేస్తూ ఆర్డరు వచ్చింది.

అప్పీలుకు మూడు నెలలు, డిపాజిట్ పన్నులో 10%, అంటే 3,150. వకీలు ఫీజు దానికి ఎన్నో రెట్లు. ఇంతలో 2019-20 దాకా ఇలాంటి కేసుల్లో పన్ను కడితే వడ్డీ, పెనాల్టీ మాఫీ అని జూన్‌లో జీఎస్టీ కౌన్సిల్ అంది. మామ ఆగి, 2025 మార్చి 31 గడువు లోపల 31,500 కట్టేశాడు. ఒకే సరుకుకు రెండోసారి. డిస్ట్రిబ్యూటరు ఇంటికి ఎవరైనా వెళ్ళారో లేదో నాకు తెలియరాలేదు. మా ఆఫీసు పెద్దమనిషీ, దొంగ ఎవరండీ ఇక్కడ?

ఇప్పుడు ఇంకా బిగించారు. 2022 జనవరి నుంచి అమ్మినవాడు ఎక్కించని బిల్లుకు క్రెడిట్టే లేదు, సర్టిఫికెట్ల సదుపాయం 2021 డిసెంబరు దాకా బిల్లులకే. 2B తో పెద్ద తేడా వస్తే DRC-01C, జవాబుకు ఏడు రోజులు. 2024 అక్టోబరు నుంచి పోర్టల్‌లో బిల్లును ఒప్పుకోవడానికీ, తిరస్కరించడానికీ, పెండింగులో పెట్టడానికీ బటన్లు వచ్చాయి. "ఈ బిల్లు నా దగ్గరుంది, అతను ఎక్కించలేదు" అనే బటను మాత్రం లేదు.

బిల్లు 2B లో కనబడేదాకా పన్ను సొమ్ము ఆపుకోమని ఆడిటర్లు సలహా ఇస్తున్నారు. మామ అదే మాట డిస్ట్రిబ్యూటరుతో అన్నాడు. ఆయన సరుకు ఆపాడు.