కిస్తీ నెలనెలా వస్తుంది, గిరాకీ రాదు

రెండు పంటలు వరుసగా దెబ్బతిన్న ఇంట్లో ఇప్పుడు ఒకటే మాట వినబడుతున్నది: "హైదరాబాద్ పోయి ఒక ట్రాలీ ఆటో తీసుకుంటే నెలకు యాభై వేలు." మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రాంగూడ వైపు ఇళ్లు మారేవాళ్లు, హాస్టళ్లు, క్యాటరింగ్‌లు, కొత్త అపార్టుమెంట్లు ఉన్నాయి కాబట్టి బండికి పని దొరుకుతుందన్నది నిజమే. కానీ ఆ యాభై వేలు బండి సంపాదించే మొత్తం. అందులో మనకు మిగిలేది ఎంతో షోరూంలో చెప్పరు, ఫైనాన్స్ ఏజెంటూ చెప్పడు. ఆ లెక్క ఇక్కడ వేసుకుందాం.

లెక్క తేలికగా ఉండేందుకు చిన్న గూడ్స్ బండి రోడ్డు మీదికి వచ్చేసరికి 6 లక్షలు అనుకుందాం. 1 లక్షా 20 వేలు మనం ముందు కడతాం. మిగతా 4 లక్షల 80 వేలు అప్పు, నాలుగేళ్లు, 48 కిస్తీలు. వడ్డీ 13 శాతం, తగ్గుతున్న బాకీ మీద మాత్రమే వేస్తే నెలకు కిస్తీ సుమారు 12,900 రూపాయలు. నాలుగేళ్లలో వడ్డీ కిందనే 1 లక్షా 38 వేల దాకా పోతుంది.

ఇక్కడే మొదటి మోసం ఉంటుంది. ఒక ఏజెంటు "మా దగ్గర 9 శాతమే" అంటాడు. అది ఫ్లాట్ వడ్డీ. అంటే మనం సగం అప్పు తీర్చేసినా, మొదటి రోజు తీసుకున్న మొత్తం 4 లక్షల 80 వేల మీదనే నాలుగేళ్లూ వడ్డీ వేస్తారు. 9 శాతం లెక్కన ఏడాదికి 43,200, నాలుగేళ్లకు 1 లక్షా 72 వేల 800. కిస్తీ 13,600 అవుతుంది. తగ్గుతున్న బాకీ లెక్కలో ఇది దాదాపు 16 శాతం వడ్డీతో సమానం. 9 అని విని సంతోషపడి, 13 శాతం అన్నవాడిని వదిలేస్తే నష్టపోయేది మనమే. అందుకే శాతం అడగడం కాదు, "కిస్తీ ఎంత, ఎన్ని నెలలు, మొత్తం కట్టేది ఎంత" అని అడగాలి. 2024 అక్టోబర్ 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు కొత్త అప్పు ఇచ్చేటప్పుడు వడ్డీ, ఛార్జీలు అన్నీ కలిపిన ఏడాది ఖర్చును చూపే 'కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్' అనే కాగితం మనకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. ఆ కాగితం చేతికి రాకముందు సంతకం పెట్టవద్దు.

ఇక రాబడి చూద్దాం. ఐటీ కారిడార్‌లో ఇళ్లు మారే గిరాకీ నెలాఖరులో, ఒకటో తారీఖు చుట్టూ ఎక్కువగా ఉంటుంది. నెల మధ్యలో అడ్డా మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నా ఒక్క కిరాయి తగలని రోజులుంటాయి. పోయేటప్పుడు సరుకు ఉంటుంది, వచ్చేటప్పుడు బండి ఖాళీ. అందుకని మంచి రోజు, చెడ్డ రోజు కలిపి సగటున రోజుకు 1,800 రూపాయలు, నెలలో 22 పని దినాలు అనుకుందాం. మిగతా ఎనిమిది రోజులు రిపేరు, వాన, ఇంటి పని, ఊళ్లో నాట్లకూ కోతలకూ పోతాయి.

రోజుకు 80 కిలోమీటర్లు తిరిగితే, ట్రాఫిక్‌లో బరువుతో లీటరుకు 16 వచ్చినా అయిదు లీటర్ల డీజిల్, సుమారు 480 రూపాయలు. టీ, భోజనం, పార్కింగ్, ఫోను 200. మిగిలింది 1,120. ఇరవై రెండు రోజులకు 24,640.

ఇందులోంచి మనం మరచిపోయే ఖర్చులు తీయాలి. ఇన్సూరెన్సు ఏడాదికి ఒకసారి కడతాం కాబట్టి నెల లెక్కలో పట్టించుకోం. ఈ రకం గూడ్స్ బండికి ఒక్క థర్డ్ పార్టీ ప్రీమియమే ఏడాదికి 16 వేల పైన ఉంటుంది. బండి డ్యామేజీ కవరేజీ కూడా కలుపుకొని నెలకు 2,250 పక్కన పెట్టాలి. టైర్లు, క్లచ్, సర్వీసుకు 2,500. ఫిట్‌నెస్, పన్నుకు 500. చలాన్లకు ఇంకో 500. మొత్తం 5,750. ఇక చేతిలో 18,890. కిస్తీ 12,900 కడితే మిగిలేది సుమారు 6 వేలు. సిటీలో గది కిరాయిలో మన వాటా, రాత్రి భోజనం అందులోంచే వెళ్లాలి. ఊరికి ఏం పంపుతాం?

ఇదే లెక్కను తిరగేసి చూస్తే రెండు సంఖ్యలు గుర్తుంటే చాలు. ఈ బండికి రోజుకు 1,530 వస్తే ఖర్చులూ కిస్తీ తీరతాయి, మనకు ఒక్క రూపాయి మిగలదు. నెలకు 15 వేలు మన కష్టానికి కూలి రావాలంటే రోజుకు 2,210 రావాలి. అంటే 1,530 దగ్గర బండి బతుకుతుంది, 2,210 దగ్గరే మనిషి బతుకుతాడు. ఈ రెండో సంఖ్య నెల సగటున రాకపోతే, అదే సిటీలో ఇంకొకరి బండి మీద జీతానికి డ్రైవరుగా చేయడమే లాభం. అప్పు, రిపేరు ఓనరు నెత్తిన ఉంటాయి.

ప్రయాణికుల ఆటో అయినా లెక్క ఇదే, కానీ గిరాకీ ఇంకా మారిపోయింది. మీటరు రేటు 2014 నాటిదే చాలా ఏళ్లు నడిచింది: మొదటి 1.6 కిలోమీటర్లకు 20, ఆ తర్వాత కిలోమీటరుకు 11. 2019లో మెట్రో హైటెక్ సిటీకి, రాయదుర్గానికి వచ్చింది. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం. ఈ పథకాలు జనానికి మేలు చేసేవే, వాటిని తప్పు పట్టడం లేదు. కానీ బండి కొనేవాడు పాత గిరాకీ లెక్క పెట్టుకోవద్దు. పైగా పర్మిట్ ఎవరి పేరు మీద ఉందో చూసుకోకుండా, షోరూం ధర కన్నా చాలా ఎక్కువ ఇచ్చి బ్రోకర్ల దగ్గర ఆటో కొనకూడదు.

ఒకే ప్రాంతం మీద ఆధారపడితే ఏమవుతుందో 2020 మార్చిలో చూశాం. కంపెనీలు ఇంటి నుంచి పని మొదలుపెట్టగానే ఆ కారిడార్ మొత్తం ఖాళీ అయింది, హాస్టళ్లు మూతపడ్డాయి. మార్చి నుంచి ఆగస్టు దాకా కిస్తీలు వాయిదా వేసుకునే వీలు వచ్చింది గానీ వడ్డీ మాత్రం ఆగలేదు, బాకీలో కలిసింది. అందుకే కనీసం మూడు నెలల కిస్తీ, సుమారు 39 వేలు, బ్యాంకులో ముట్టకుండా ఉంచగలిగినవాడే బండి జోలికి వెళ్లాలి.

ముందు కట్టే 1 లక్షా 20 వేలు ఎక్కడినుంచి తెస్తున్నామన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. పంట రుణం తీసి బండికి పెట్టవద్దు. గడువులో తిరిగి కడితేనే ఆ రుణానికి 4 శాతం వడ్డీ పడుతుంది. బండి డబ్బు నాలుగేళ్లకు గానీ తిరిగి రాదు కాబట్టి గడువు దాటుతుంది, రాయితీ పోతుంది, వచ్చే పంటకు రుణం ఆగుతుంది. బంగారం పెడితే దాని వడ్డీ కూడా పై లెక్కలో కలపాలి, అప్పుడు ఆ 6 వేలు ఇంకా తగ్గుతాయి.

మా మాట ఇది. కొనకముందు ఒక నెల కిరాయి బండి నడపండి, లేదా జీతానికి చేరండి. ప్రతి రోజూ వచ్చింది, డీజిలు, ఖాళీగా తిరిగిన కిలోమీటర్లు నోటుపుస్తకంలో రాయండి. ముప్పై రోజుల సగటు 2,210 దాటితే ముందుకు పోండి. మీ బండి ధర, కిస్తీ వేరైతే మీ సంఖ్య కూడా వేరు, ఇదే పద్ధతిలో కట్టుకోండి. ఖాళీ ఫారం 29, 30 మీద సంతకాలు చేసి ఇవ్వవద్దు, అవి బండి యాజమాన్యం మార్చే కాగితాలు. జామీను సంతకం పెట్టే పొరుగు రైతుకు కూడా ఈ లెక్క ముందే చూపించండి, కిస్తీ ఆగితే నోటీసు ఆయన ఇంటికీ వస్తుంది. చివరి కిస్తీ కట్టాక ఫైనాన్స్ వారి నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకుని రవాణా కార్యాలయంలో ఆర్‌సీ మీద అప్పు పేరు తీయించేదాకా బండి పూర్తిగా మనది కాదు.