య.2-20 అంటే ఎంత?

తెలుగు దస్తావేజుని ఇంగ్లీషులో క్లుప్తంగా రాసివ్వమని బంధువులు అడిగితే మన ఐటీ వాళ్ళం ఏం చేస్తాం? స్టేటస్ రిపోర్టులా అరపేజీలో ముక్తసరిగా తేల్చేస్తాం. అది తప్పంటాను నేను. దస్తావేజులో కొన్ని మాటల్ని ఇంగ్లీషు చెయ్యకూడదు. ఉన్నమాటని ఉన్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, పక్కన అర్థం చెప్పాలి. ఎందుకో చెప్తాను.

మా పెద్దనాన్న 1989లో గుంటూరు జిల్లాలో కొంత పొలం కొన్నారు. ఆయన పోయారు. అక్క పుట్టి పెరిగిందంతా అమెరికాలోనే, తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు. ఇప్పుడెవరో ఆ పొలం కొంటామని వచ్చారు. పవరాఫటార్నీ మీద సంతకం పెట్టే ముందు అందులో ఏముందో చెప్పరా అంది. బావగారిది వరంగల్. ఈ సంగతి ఎందుకు చెప్పానో ముందు ముందు తెలుస్తుంది.

మొదటి వాక్యంలోనే ఒక మెలిక ఉంది. "ఫలానా వారికి, ఫలానా వారు వ్రాయించి ఇచ్చిన శుద్ధ విక్రయ దస్తావేజు" అని మొదలవుతుంది. అంటే ముందు పేరు కొన్నవాళ్ళది, తర్వాతది అమ్మినవాళ్ళది. పేర్లు అదే వరసలో ఇంగ్లీషులోకి దించితే అమ్మినాయనే కొన్నట్టవుతుంది! ఇక "శుద్ధ విక్రయ" అన్న మాట వదలకూడదు. డబ్బు ముట్టింది, పొలం స్వాధీనం చేశాం అని అగ్రిమెంటులో కూడా రాస్తారు. కానీ 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షను ప్రకారం ఒట్టి అమ్మకపు ఒప్పందం వల్ల ఆస్తిలో హక్కు రాదు. మన ఇళ్ళలో మాత్రం రెంటినీ "కొన్నాం" అనే అంటాం.

తర్వాత విస్తీర్ణం. "సర్వే నెం. 84/2లో య.4-10 సెంట్లు భూమిలో ఉత్తరపు వైపు య.2-20 సెంట్లు" అని ఉంది. ఇందులో రెండు "లో"లు ఉన్నాయి చూడండి. 4-10 ఆ సబ్‌డివిజను మొత్తం, అమ్మింది 2-20 మాత్రమే. తొందరగా చదివితే ముందు కనపడిన అంకె సారాంశంలోకి ఎక్కేస్తుంది. పైగా 2-20 అని వదిలేస్తే బావగారు దాన్ని రెండెకరాల ఇరవై గుంటలు అనుకుంటారు. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు కాబట్టి అది రెండున్నర ఎకరాలు. ఇక్కడేమో ఎకరానికి 100 సెంట్లు, కాబట్టి 2.20 ఎకరాలే. తేడా 30 సెంట్లు, అంటే 1452 చదరపు గజాలు. ఈ రేట్ల రోజుల్లో చిన్న తేడా కాదండీ! అందుకే "సెంట్లు" అని అలాగే ఉంచి, సెంటు అంటే 48.4 చదరపు గజాలని పక్కన రాశాను.

అసలు చిక్కు "పిత్రార్జితం" దగ్గర. డిక్షనరీ చూసి "యాన్సెస్ట్రల్ ప్రాపర్టీ" అని రాసేస్తే, అక్క అది తన తాతల ఆస్తి అనుకుంటుంది. తన పిల్లలకి కూడా పుట్టుకతో వాటా ఉందేమోనన్న అనుమానం వస్తుంది. కానీ ఆ మాట అమ్మినాయన తన హక్కు గురించి చెప్పుకున్నది. పెద్దనాన్నకి అది సొంత డబ్బుతో కొన్న స్వార్జితం. పోనీ అమ్మినాయన వరకైనా యాన్సెస్ట్రల్ అనొచ్చా అంటే అదీ ఖాయం కాదు. ఆయన తండ్రి స్వార్జితమే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయనకి వచ్చి ఉంటే, అది ఆయన సొంత ఆస్తి అవుతుంది. ఆ సంగతి దస్తావేజు చెప్పడం లేదు. చెప్పనిది మనం కల్పించకూడదు. "తండ్రి వైపు నుంచి వచ్చిందని అమ్మకందారు అన్న మాట" అని రాసి ఊరుకున్నాను.

ఈ మాట కనపడితే వెంటనే సంతకాలు చూడాలి. ఇందులో అమ్మినవాళ్ళు ముగ్గురు: తండ్రి, పెద్ద కొడుకు, మైనరు అయిన చిన్న కొడుకు తరఫున గార్డియనుగా మళ్ళీ తండ్రి. "మా కుటుంబ అవసరముల నిమిత్తం" అని కూడా ఉంది. ఇది ప్రతి దస్తావేజులో ఉండే ఊకదంపుడేలే అని సారాంశంలో తీసేస్తారు చాలామంది. ఉమ్మడి ఆస్తి అయితే, మైనరు వాటాతో సహా అమ్మే అధికారం కుటుంబ పెద్దకి ఉందా లేదా అన్నది చాలావరకు ఆ అవసరం మీదే నిలబడుతుంది. రేపు కొనేవాళ్ళ లాయరు ముందు అడిగేదీ అదే. కాబట్టి ఆ ముక్కా, ముగ్గురి సంతకాలూ, మైనరుకి అప్పటి వయసూ అన్నీ రాశాను.

అరపేజీ అనుకున్నది పేజీన్నర అయింది. చివర ఇంకో లైను చేర్చాను: ఇది 1989లో ఏం రాశారో చెప్తుందే గానీ ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పదు, దానికి ఈసీ తీయించాలి అని. బావగారు ఫోన్ చేసి, "అయితే గుంటలు కాదన్నమాట" అన్నారు.