మనిషికి, కిలోమీటరుకు ఎంత ఇంధనం

ఒక మనిషిని ఒక కిలోమీటరు దూరం చేర్చడానికి అయ్యే ఇంధనమే ప్రయాణ సాధనాలను పోల్చడానికి సరైన కొలత. ఇలా ఒక మనిషి ఒక కిలోమీటరు ప్రయాణించడాన్ని ప్రయాణికుడి కిలోమీటరు అంటారు. బండి మైలేజీ ఒక్కటే చూస్తే ఈ సంగతి తెలియదు. లీటరుకు నాలుగున్నర కిలోమీటర్లే ఇచ్చే సిటీ బస్సు, లీటరుకు 13 కిలోమీటర్లు ఇచ్చే కారు కన్నా ఎన్నో రెట్లు పొదుపరి కావచ్చు. అదే బస్సు ఖాళీగా తిరిగితే మోటారు సైకిలు ముందు కూడా నిలవలేదు.

పోలికకు ముందు అన్నిటినీ ఒకే కొలమానంలోకి తేవాలి. ఇంటి కరెంటు బిల్లులో కనిపించే యూనిట్, అంటే కిలోవాట్ అవర్, ఇందుకు బాగా పనికొస్తుంది. లీటరు పెట్రోలు మండితే దాదాపు 9 యూనిట్ల వేడి వస్తుంది, లీటరు డీజిలుతో దాదాపు 10 యూనిట్లు. నగరంలో లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే 110 సీసీ బండి కిలోమీటరుకు 0.18 యూనిట్ వాడుతుంది. లీటరుకు 13 కిలోమీటర్లు ఇచ్చే కారు 0.7 యూనిట్, డీజిలు బస్సు 2.2 యూనిట్లు వాడతాయి. హైదరాబాద్‌లో మాదిరి మూడు బోగీల మెట్రో రైలుకు, స్టేషన్ల లిఫ్టులు, ఎస్కలేటర్లు, దీపాల వాటా కూడా కలిపితే, కిలోమీటరుకు 12 యూనిట్లు అనుకోవచ్చు.

కారు ఎందుకంత తాగుతుంది? టన్ను బరువున్న ఇనుమును కదిలిస్తే గానీ 65 కిలోల మనిషి కదలడు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా అప్పటిదాకా పుంజుకున్న వేగమంతా బ్రేకుల్లో వేడిగా మారి గాలిలో కలుస్తుంది. ఆగి ఉన్నంతసేపూ ఇంజను, ఏసీ ఇంధనాన్ని మింగుతూనే ఉంటాయి. మెట్రో రైలుకు ఈ నష్టాలు తక్కువ. ఉక్కు పట్టాల మీద ఉక్కు చక్రం దొర్లేటప్పుడు పడే నిరోధం, రోడ్డు మీద రబ్బరు టైరుకు పడేదానిలో కొద్ది భాగమే. పైగా స్టేషను దగ్గరికి వచ్చి బ్రేకు వేసినప్పుడు రైలు మోటార్లే జనరేటర్లుగా మారి, కరెంటును పైనున్న 25 కిలోవోల్టుల తీగలోకి తిప్పి పంపుతాయి. దాన్ని ఆ దగ్గర్లో బయలుదేరే మరో రైలు అందుకుంటుంది. ఇలా మిగిల్చిన కరెంటుకు ఢిల్లీ మెట్రో కార్బన్ క్రెడిట్లు కూడా సంపాదించింది. హైదరాబాద్‌లో మియాపూర్, ఎల్బీనగర్ మధ్య స్టేషన్లు సగటున కిలోమీటరుకు ఒకటి చొప్పున ఉన్నాయి. అంటే రైలు అడుగడుగునా ఆగి బయలుదేరుతుంది కాబట్టి ఈ తిరుగు కరెంటు చిన్న విషయం కాదు.

ఇక్కడి నుంచి లెక్క బండిని వదిలి అందులోని మనుషుల మీదికి మళ్లుతుంది. కారులో ఒక్కరే ఉంటే 0.7 యూనిట్ మొత్తం ఆ ఒక్కరి ఖాతాలోకే వస్తుంది. మోటారు సైకిలు మీద ఒకరైతే 0.18, ఇద్దరైతే తలకు 0.09. బస్సులో 40 మంది ఉంటే తలకు 0.055కు దిగుతుంది. 12 మందే ఉంటే మళ్లీ 0.18కి ఎక్కుతుంది, అంటే ఒంటరి బైకుకు సమానం. మెట్రోలో 600 మంది ఉంటే తలకు 0.02, 200 మందే ఉంటే 0.06.

జనం ఎక్కితే ఖర్చు పెరగదా అంటే, కొద్దిగానే పెరుగుతుంది. వంద టన్నులకు పైబడిన రైలుకు మరో మనిషి బరువు లెక్కలోకే రాదు. అందుకే ఆర్టీసీ డిపోల్లో కేఎంపీఎల్‌నూ ఓఆర్‌నూ, అంటే లీటరుకు నడిచిన కిలోమీటర్లనూ సీట్లు నిండిన శాతాన్నీ, పక్కపక్కనే పెట్టి చూడాలి. డ్రైవరు ఎంత నేర్పుగా నడిపినా కేఎంపీఎల్ నాలుగున్నర నుంచి ఐదుకు పెరగడమే గొప్ప. 20 మందితో తిరిగే బస్సులో 40 మంది ఎక్కితే తలకు అయ్యే ఖర్చు దాదాపు సగానికి పడిపోతుంది.

తప్పుడు లెక్కలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. మెట్రో గురించి గొప్పగా చెప్పే అంకెలు తరచు రైలు పూర్తి సామర్థ్యంతో, సుమారు వెయ్యి మందితో భాగించినవి. ఉదయం తొమ్మిదింటికి అమీర్‌పేటలో కాలు పెట్టడానికి చోటు లేని మాట నిజమే. కానీ ఆ రైలే చివరి స్టేషను దాకా వెళ్లేసరికి పలచబడుతుంది, తిరుగు దారిలో సగం సీట్లు ఖాళీగా ఉంటాయి, మధ్యాహ్నం ఇంకా ఖాళీ. రోజంతటి సగటే లెక్కకు నిలుస్తుంది. ఏ నివేదికలోనైనా తలకు అయ్యే ఇంధనం అంకె కనిపిస్తే, దేనితో భాగించారో ముందు చూడాలి. సామర్థ్యంతో భాగించి ఉంటే ఆ అంకెను పక్కన పెట్టడమే మంచిది.

రెండో తిరకాసు కరెంటుది. పెట్రోలు లెక్క ట్యాంకు దగ్గర మొదలైతే, మెట్రో లెక్క మీటరు దగ్గర మొదలవుతోంది. కానీ ఆ యూనిట్ మీటరులో పుట్టలేదు. మన దేశంలో కరెంటులో అధిక భాగం ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తోంది. థర్మల్ కేంద్రంలో బొగ్గు వేడిలో దాదాపు మూడో వంతే కరెంటుగా మారుతుంది, మిగిలింది పొగ గొట్టం ద్వారా, కూలింగ్ టవర్ల ద్వారా పోతుంది. కాబట్టి మెట్రో వాడేదంతా బొగ్గు కరెంటే అనుకుంటే, ప్రతి యూనిట్ వెనుక మూడు యూనిట్ల బొగ్గు వేడి ఉంది. ఆ లెక్కన 600 మంది ఉన్న రైలు తలకు 0.06, 200 మంది ఉన్న రైలు 0.18. పెట్రోలు, డీజిళ్లకూ శుద్ధి, రవాణా ఖర్చు కింద 15 శాతం దాకా కలిపితే న్యాయం. అప్పుడు 40 మంది ఉన్న బస్సు తలకు 0.06 దగ్గర, ఒంటరి బైకు 0.2 దగ్గర నిలుస్తాయి. అంటే కిక్కిరిసిన మెట్రో, నిండిన డీజిలు బస్సు సమానం. పలచటి మెట్రోకూ ఒంటరి బైకుకూ పెద్ద తేడా లేదు. కిలోమీటరుకు 0.03 యూనిట్ వాడే ఎలక్ట్రిక్ స్కూటరు, బొగ్గు లెక్కలో కూడా 0.09తో పెట్రోలు బైకులో సగం దగ్గర ఆగుతుంది. సౌర విద్యుత్తు వాటా పెరిగే కొద్దీ మెట్రో, ఎలక్ట్రిక్ స్కూటరు ఖాతా తేలికవుతుంది. డీజిలు బస్సుకు ఆ వెసులుబాటు లేదు.

ఎల్బీనగర్ నుంచి మియాపూర్‌కు మెట్రో దారి 29 కిలోమీటర్లు. అంతే దూరం అనుకుంటే, మొదటి నుంచీ లెక్క వేస్తే కారులో ఒక్కరికి 23 యూనిట్లు, బైకు మీద ఒక్కరికి 6, 40 మంది ఉన్న బస్సులో రెండు కన్నా తక్కువ. మెట్రోలో జనాన్ని బట్టి 2 నుంచి 5 దాకా. అయితే ఎవరి ఇల్లూ స్టేషనులో ఉండదు. రెండు కొసలా మూడేసి కిలోమీటర్లు ఒంటరిగా ఆటోలో వెళితే దానికే మరో రెండు యూనిట్లు అవుతాయి, ఆటో ఖాళీగా తిరిగొచ్చే ఖర్చు వేరు. కిక్కిరిసిన రైలులో 29 కిలోమీటర్లకు అయ్యేది ఆరు కిలోమీటర్ల ఆటోకే అయిపోతుంది. కాలనీల్లోంచి స్టేషనుకు నడిచే చిన్న బస్సుకు ఇంధనం లెక్కలో ఇంత విలువ ఉన్నా, నగరాల ప్రణాళికల్లో దాని వంతు ఎప్పుడూ చివరే కావడం విచారకరం.

కొత్త ప్రయాణికుడు ఎక్కడి నుంచి వచ్చాడన్నదీ అంతే ముఖ్యం. రైలు ఎలాగూ నడుస్తోంది. కారు వదిలి అందులో ఎక్కిన మనిషి ఆ 23 యూనిట్లనూ దాదాపు పూర్తిగా మిగిల్చినట్టే, బైకు వదిలినవాడు ఆరు మిగిల్చినట్టు. బస్సు దిగి మెట్రో ఎక్కినవారి వల్ల మిగిలేది ఏమీ ఉండదు, ఆ బస్సు అంతే డీజిలు తాగుతూ, ఒక సీటు ఖాళీగా అదే దారిలో వెళుతుంది. మెట్రో వచ్చిందని ఆ దారిలో బస్సులు తగ్గిస్తే డీజిలు మిగులుతుంది గానీ, మెట్రో స్టేషనుకు దూరంగా ఉన్నవాళ్లు బైకు కొనుక్కుంటారు. మెట్రో ఎంత ఇంధనం ఆదా చేసిందో చెప్పే ఏ లెక్కలోనైనా, ఎక్కినవారి సంఖ్యతో పాటు వాళ్లు అంతకుముందు దేనిలో వెళ్లేవారో అడిగి రాసుకున్న పట్టిక కూడా ఉండాలి.